శనివారం రంగు, శనివారమే మందు: ఈ రెండూ కలపవద్దు



సోమవారం ఉదయం మా ఓ.పి.కి వచ్చేవారిలో ఒక రకం వారిని మేము గుమ్మం దగ్గరే గుర్తుపడతాము. కనురెప్పలు ఉబ్బి ఉంటాయి. చెవుల వెనుక, మెడ మీద చర్మం ఎర్రబడి, కొందరికి నీరు కూడా కారుతూ ఉంటుంది. జుట్టు మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. శనివారం సాయంత్రం తలకు రంగు వేసుకొని ఆదివారం ఆరాధనకు వెళ్లినవారే వీరు. ఇటీవల వీరిలో కొందరు జేబులోంచి ఇంకొక సీసా కూడా తీసి చూపిస్తున్నారు. అది జుట్టు రాలకుండా రాసుకొనే మినాక్సిడిల్ మందు. "సార్, ఈ మందు నాకు పడలేదు" అని సీసాను బల్ల మీద పెట్టేస్తారు. నిజంగా పడనిది ఆ మందేనా? ఎక్కువసార్లు కాదు. ఈ నెల మేము చెప్పదలచినది ఇదే.

ముందుగా మా అభిప్రాయం సూటిగా చెబుతాము. జుట్టుకు రంగు వేసుకొనేవారు మినాక్సిడిల్ వాడకూడదని ఎక్కడా లేదు. రంగు వేసినంత మాత్రాన మందు పనిచేయడం మానదు. కాని రెండూ ఒకే రోజు మాడుకు తగలకూడదు. రంగు వేసిన తరువాత కనీసం 24 గంటలు మందు ఆపాలి. ఇది మేము కనిపెట్టిన నియమం కాదు, మందు తయారుచేసేవారు తమ సూచనలలో చెబుతూ వచ్చిన మాటే. అయితే సీసాతో వచ్చే ఆ కాగితం అగ్గిపెట్టె మీది అక్షరాలకన్నా చిన్నగా ఉంటుంది. దానిని చదివినవారిని మేము అరుదుగా చూశాము.

ఆళ్లగడ్డ నుండి వచ్చిన ఒకాయన సంగతి

ఆయన రాతిపని చేస్తారు. వయసు నలభై దాటింది. ఆయన ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాము. ముందు తల నెరిసింది, ఆ తరువాత మాడు మధ్యలో పలచబడింది. నెరుపుకు నెలకొకసారి పొట్లం పొడి కలిపి వేసుకోవడం పదిహేనేళ్లుగా అలవాటు. పలచబడినందుకు 5 శాతం మినాక్సిడిల్ సీసా తెచ్చుకొని, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మూడు వారాలుగా రాస్తున్నారు. అప్పటివరకు ఏ బాధా లేదు.

ఒక శనివారం సాయంత్రం పని నుండి వచ్చి, తలలో రాతిదుమ్ము పోయేలా సబ్బుతో గట్టిగా రుద్ది స్నానం చేశారు. ఏడు గంటలకు రంగు పట్టించారు. పొట్లం మీద అరగంట అని ఉన్నా, బాగా నల్లగా రావాలని గంటసేపు ఉంచుకున్నారు. కడిగి ఆరబెట్టుకొని, తొమ్మిదింటికి ఎప్పటిలాగే మందు రాశారు. పది నిమిషాలలో తల మండిపోయింది. "మందు బాగా పట్టింది" అనుకొని ఓర్చుకొని పడుకున్నారు. ఆదివారం కొద్దిగా దురద తప్ప ఏమీ లేదు. సోమవారం తెల్లవారేసరికి రెండు కళ్లూ ఉబ్బిపోయి, చెవుల మీద చిన్న చిన్న పొక్కులు లేచి రసి కారుతోంది.

మందుల షాపులో రెండు రకాల మాత్రలు ఇచ్చి, "ఆ జుట్టు మందు మీకు పడలేదు, మానేయండి" అన్నారు. ఆయన మానేశారు. వారానికి వాపు తగ్గింది. కనుక షాపువారి మాటే నిజమని ఇంటిల్లిపాది నమ్మారు. నెలన్నర తరువాత కొడుకు నిశ్చితార్థం వచ్చింది. రెండు రోజుల ముందు, శుక్రవారం నాడు, రంగు ఒక్కటే వేసుకున్నారు. ఆదివారం పొద్దున ఆయనకు కళ్లు తెరిపిడి పడలేదు. పెండ్లివారు వచ్చేసరికి ఆయన మంచం మీద తడిగుడ్డ కప్పుకొని ఉన్నారు.

రెండవసారి మినాక్సిడిల్ చుక్క కూడా తగలలేదు. మొదటిసారి తప్పు దేనిదో ఇప్పుడు పాఠకులకే తెలిసి ఉంటుంది. ఆయన మంచిదానిని మానేసి, చెడ్డదానిని ఉంచుకున్నారు. రెండూ ఒకే రాత్రి రాసుకోవడం వలన వచ్చిన పెద్ద నష్టం ఇదే.

మంట వేరు, ఎలర్జీ వేరు

ఆయన మా దగ్గరికి వచ్చినప్పుడు మేము మొదట అడిగినది "ఏమి రాశారు" అని కాదు, "ఏ రోజు, ఎన్ని గంటలకు" అని. జవాబు చాలావరకు గడియారమే చెబుతుంది.

రాసిన కొన్ని నిమిషాలలో, రాసిన చోటనే మండితే అది సాధారణంగా చర్మం చురచురలాడడం మాత్రమే. మినాక్సిడిల్ ద్రావణంలో మందు కరగడానికి ఆల్కహాల్, ప్రొపైలీన్ గ్లైకాల్ అనేవి కలుపుతారు. గీసుకున్న వేలి మీద స్పిరిట్ పోస్తే ఎలా ఉంటుందో తెలుసు కదా. రంగు పెట్టి, రుద్ది, కడిగిన మాడు కూడా కంటికి కనబడకుండా అలాగే గీరుకొని ఉంటుంది. పెట్టెలలో వచ్చే రంగులలో హైడ్రోజన్ పెరాక్సైడ్, చాలావాటిలో అమ్మోనియా ఉంటాయి. ఇవి వెంట్రుక పొరను విప్పి రంగును లోపలికి పంపే పదార్థాలు. ఆ పని చేసేటప్పుడు కింద ఉన్న చర్మాన్ని వదిలిపెట్టవు. ఆ శనివారం రాత్రి తొమ్మిదింటి మంట ఈ రకమైనది.

రెండవది ఎలర్జీ. నల్లరంగులలో ఎక్కువగా వాడే పదార్థం పేరు పారాఫినైలీన్ డయామిన్. పి.పి.డి. అని పొట్టిగా అంటారు. దీని ఎలర్జీ వెంటనే పైకి రాదు. చాలామందిలో ఒకటి నుండి మూడు రోజుల తరువాత వస్తుంది. తమాషా ఏమిటంటే మాడు చర్మం మందంగా ఉంటుంది కనుక అక్కడ పెద్దగా తెలియకపోవచ్చు. కడిగేటప్పుడు రంగు నీళ్లు కారిన నుదురు, చెవులు, మెడ, అన్నిటికన్నా పలచని కనురెప్పలు దెబ్బతింటాయి. రంగు పెట్టింది తలకు, వాచింది కన్ను. అందుకే చాలామంది కంటి డాక్టరు దగ్గరికి వెళతారు, రంగు సంగతి ఆయనకు చెప్పరు.

"పదిహేనేళ్లుగా ఇదే రంగు వాడుతున్నాను, ఎన్నడూ ఏమీ కాలేదు" అని ఆళ్లగడ్డ ఆయన వాదించారు. అందరూ ఈ మాటే అంటారు. ఎలర్జీ పుట్టుకతో వచ్చేది కాదు. ఒక పదార్థం మళ్లీ మళ్లీ తగిలిన తరువాత ఏదో ఒక రోజు శరీరం దానిని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఒకసారి గుర్తు పెట్టుకుంటే సాధారణంగా మరచిపోదు. తరువాతిసారి ఇంకా త్వరగా, ఇంకా గట్టిగా తిరగబడుతుంది. పదిహేనేళ్లు పడిందనేది పదహారవ ఏట కూడా పడుతుందనడానికి హామీ కాదు.

మినాక్సిడిల్‌కు ఎలర్జీ అసలే రాదని మేము అనడం లేదు. కొద్దిమందికి వస్తుంది. ఎక్కువగా అది ద్రావణంలోని ప్రొపైలీన్ గ్లైకాల్ వలన వస్తుంది, మందు వలన వచ్చేది తక్కువ. అటువంటివారికి దురద, పొట్టు రాసిన చోటనే మొదలై, రాసిన ప్రతిసారీ వస్తాయి. ప్రొపైలీన్ గ్లైకాల్ లేని నురుగు రూపంలో కూడా ఈ మందు దొరుకుతుంది కనుక వారికీ దారి ఉంది.

ఆయనకు మంటకు, వాపుకు డాక్టరు మందులిచ్చి, మాడు పూర్తిగా మానేవరకు మూడు వారాలు రెండూ ఆపించాము. తరువాత చర్మ విభాగానికి పంపి ప్యాచ్ పరీక్ష చేయించాము. ఈ పరీక్షలో కొద్దికొద్దిగా పదార్థాలను వీపు మీద పట్టీలతో అంటిస్తారు. రెండు రోజులకు పట్టీలు తీసి చూస్తారు, నాలుగవ రోజు ప్రాంతంలో మళ్లీ చూస్తారు. పి.పి.డి. అంటించిన చోట ఎర్రగా బొబ్బ లేచింది. ప్రొపైలీన్ గ్లైకాల్ పెట్టిన చోట చర్మం మామూలుగానే ఉంది. ఆ తరువాత, మానిన మాడు మీద మినాక్సిడిల్ ఒక్కటే మళ్లీ మొదలుపెట్టించాము. మంట రాలేదు. నాలుగు నెలలు దాటేసరికి రాలడం తగ్గింది. మాడు నిండా జుట్టు వచ్చిందని మాత్రం చెప్పము. ఈ మందు ఉన్నదానిని కాపాడడమే ఎక్కువ, కొత్తగా మొలిపించడం తక్కువ.

పుండు మీద రాస్తే ఏమవుతుంది

24 గంటల మాటకు ఇంకొక కారణం ఉంది, అది జుట్టుకన్నా ముఖ్యమైనది. మినాక్సిడిల్ పుట్టుకతో జుట్టు మందు కాదు. అమెరికాలో 1979లో అనుమతి పొందినప్పుడు అది రక్తపోటు బాగా ఎక్కువగా ఉన్నవారికిచ్చే మాత్ర. మింగినవారికి ఒంటి మీద, ముఖం మీద వెంట్రుకలు పెరగడం చూసి, తలకు రాసే ద్రావణంగా తయారుచేశారు. అది 1988లో అక్కడ అనుమతి పొందింది. అంటే మనము మాడుకు రాసేది రక్తనాళాలను వెడల్పు చేసి రక్తపోటును తగ్గించగల మందు.

ఆరోగ్యంగా ఉన్న మాడు మంచి గోడలాంటిది. రాసినదానిలో సుమారు 1.4 శాతం మాత్రమే రక్తంలోకి పోనిస్తుంది. అంత కొద్ది మొత్తంతో ఎక్కువమందికి ఏమీ కాదు. రంగు వలన గోడ బీటలు వారినప్పుడు, గోకి పుండ్లు చేసుకున్నప్పుడు లోపలికి పోయేది పెరుగుతుంది. అప్పుడు తల తిరగడం, గుండె దడ, పాదాల వాపు రావచ్చు. గుండె జబ్బు ఉన్నవారు, రక్తపోటు మాత్రలు వేసుకొనేవారు ఈ మందు మొదలుపెట్టేముందే డాక్టరుకు చెప్పాలి. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు దీనిని వాడకూడదు.

ఆదివారానికి రంగు కావాలంటే

రంగు వేసుకోవద్దని మేము ఎవరికీ ప్రసంగం చేయము. పండుగకు, పెండ్లికి నల్లగా కనబడాలనుకోవడం తప్పు కాదు. కాని శనివారం రాత్రి హడావిడి పని కాకుండా, బుధవారం నుండి మొదలుపెట్టండి.

బుధవారం సాయంత్రం, తలకు ఎలా కలుపుతారో అలాగే చిటికెడు రంగు కలిపి, సబ్బుతో కడిగిన మోచేతి లోపలి భాగంలోనో చెవి వెనుకనో రూపాయి బిళ్లంత రాసి ఆరనివ్వండి. గురువారం సాయంత్రం మెల్లగా కడిగేయండి. శుక్రవారం సాయంత్రం వరకు చూడండి. దురద, ఎరుపు, పొక్కు ఏది వచ్చినా ఆ పొట్లం పారేయండి. ఈ పరీక్ష చేసుకోవాలని, కనుబొమలకు, రెప్పలకు ఈ రంగు పెట్టకూడదని, పెడితే చూపు పోవచ్చని రంగు పెట్టెల మీద హెచ్చరిక ఉండాలని మన దేశ చట్టం కూడా చెబుతుంది. కిందటిసారి చేశాము కదా అని మానకూడదు, ప్రతిసారీ చేయాలి. ఒకసారి ముఖం వాచినవారు మాత్రం ఈ పరీక్ష ఇంట్లో చేయకండి, డాక్టరు దగ్గరే చేయించుకోండి.

శుక్రవారం పొద్దున మినాక్సిడిల్ ఎప్పటిలాగే రాయండి. నాలుగు గంటలు దాటిన తరువాత ఎప్పుడైనా, సాయంత్రంలోగా, గోళ్లు తగలకుండా తలస్నానం చేసి మందు పోగొట్టండి. ఆ రాత్రి రాయవద్దు. శనివారం పొద్దున మాడు ఒకసారి ఎవరిచేతనైనా చూపించుకోండి. పుండు, పొక్కు, ఎరుపు ఉంటే ఆ వారం రంగు లేదు. బాగుంటే రంగు వేసుకోండి, కాని పెట్టె మీద రాసిన సమయానికి ఒక్క నిమిషం కూడా మించవద్దు. నీళ్లు తేటగా వచ్చేవరకు కడగండి. శనివారమంతా మందు లేదు. ఆదివారం సాయంత్రానికి మంట, దురద లేకపోతే 1 మిల్లీలీటరు మందు పొడి మాడు మీద మళ్లీ మొదలుపెట్టండి. పడుకోవడానికి రెండు గంటల ముందు రాస్తే దిండుకు అంటుకోదు. కొబ్బరినూనె పట్టించిన తల మీద రాస్తే మందు నూనెలోనే ఉండిపోతుంది, మాడుకు చేరదు.

"నాలుగు పూటలు మానితే ఇన్నాళ్ల కష్టం పోతుందేమో" అని కొందరు భయపడతారు. వెంట్రుక పెరిగేది నెలల లెక్కన, పూటల లెక్కన కాదు. రోజుకు రెండుసార్లంటే నెలకు 60 సార్లు. అందులో 4 పోయినందున ఏ వెంట్రుకా రాలదు. మానిన పూటలకు బదులుగా రెట్టింపు రాయడం మాత్రం తప్పు.

24 గంటలనేది తక్కువలో తక్కువ అని గుర్తుంచుకోండి. సెలూన్లలో కొందరు "రెండు గంటలాగితే చాలు" అంటారు. కొందరికి ఏమీ కాకపోవచ్చు కూడా. కాని మా దగ్గరికి వచ్చేవారు ఏమీ కానివారు కారు. గడియారం 24 గంటలు చూపినా మాడు ఇంకా మండుతుంటే మాడు మాటే వినాలి. అది మానడానికి వారం పట్టినా ఆగాలి.

మూడు అపోహలు

మొదటిది, "అమ్మోనియా లేదు కనుక ఎలర్జీ రాదు" అనేది. అమ్మోనియా ఘాటు వాసనకు, చురుక్కుమనడానికి కారణం. ఎలర్జీ తెచ్చేది పి.పి.డి., దాని చుట్టాలైన ఇతర రంగులు. పెట్టె మీద ముందువైపు లేనిదేమిటో కాదు, వెనుకవైపు ఉన్నదేమిటో చదవండి.

రెండవది, "నేను వాడేది రంగు కాదు, నల్ల మెహందీ" అనేది. గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండే గోరింటాకు ఏ పెరట్లోనూ లేదు. నల్ల మెహందీ పొడులలో చాలావాటికి నలుపు పి.పి.డి. నుండే వస్తుంది. ఆళ్లగడ్డ ఆయనకు మేము చెప్పినది కూడా ఇదే. ఆయన ఇక జీవితాంతం పి.పి.డి. ఉన్న రంగు ముట్టకూడదు. కావాలంటే ఇంట్లో రుబ్బిన గోరింటాకు పెట్టుకొని ఎర్రటి జుట్టుతో ఉండవచ్చు, లేదా నెరుపుతోనే ఉండవచ్చు. ఆయన నెరుపునే ఎంచుకున్నారు. కన్ను వాచి మంచం పట్టడం కన్నా ఇదే నయమని ఆయన భార్య అన్నారు.

మూడవది, "మందు మొదలుపెట్టాక జుట్టు ఇంకా ఎక్కువ రాలింది, రంగు, మందు రెండూ కలిసి విషమయ్యాయి" అనేది. మినాక్సిడిల్ మొదలుపెట్టిన రెండు వారాల నుండి రెండు నెలల లోపు కొందరికి రాలడం పెరుగుతుంది. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిచ్చి వెళ్లడం అది. చాలావరకు దానంతట అదే ఆగుతుంది. రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టుకొని చూడండి. ఒక చివర తెల్లటి చిన్న గుండు ఉంటే అది కుదురు నుండి ఊడినది. గుండు లేకుండా రెండు చివరలూ మొండిగా ఉంటే అది మధ్యలో తెగినది. రంగు ఎక్కువై పెళుసుబారిన జుట్టు ఇలా తెగుతుంది. మొదటిదానికి ఓపిక పట్టాలి, రెండవదానికి రంగు తగ్గించాలి.

ఇప్పటికే ముఖం వాచినవారికి ఒక మాట. వెంటనే తలను చాలా నీళ్లతో, మెత్తని షాంపూతో కడిగి, రంగు, మందు రెండూ ఆపండి. పసుపు, నిమ్మకాయ, నాటు ఆకుల రసాలు పెట్టవద్దు. నాలుక, పెదవులు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా తెల్లవారేవరకు ఆగకుండా దగ్గరలోని ఆసుపత్రికి పరుగెత్తండి. రంగు పొట్లాలను, మందు సీసాలను పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచండి. అవి కడుపులోకి పోతే ప్రాణాపాయం.

మా దగ్గరికి నంద్యాల వీధులనుండి వచ్చినా, ఆళ్లగడ్డ నుండి బస్సెక్కి వచ్చినా, మందు సీసాను, రంగు పెట్టెను రెండింటినీ తీసుకొని రండి. పెట్టె పారేసినట్లయితే కొన్న షాపులో అడిగి ఖాళీదైనా తెండి. ఒక కాగితం మీద రెండు సంగతులు రాసుకొని రండి: రంగు ఏ రోజు ఎన్ని గంటలకు వేసుకున్నారు, మందు ఏ రోజు ఎన్ని గంటలకు రాశారు. ఆ రెండు గంటల మధ్య ఒక పూర్తి రోజు ఉంటే, మీకు పడనిది ఏదో కనిపెట్టడం మాకు సులభమవుతుంది. ఒకే రాత్రి అయితే మళ్లీ మొదటి నుండి వెతకాలి, అంతవరకు మీ కన్ను వాస్తూనే ఉండవచ్చు.